ఇద్దరం ఒకరికొకరం పాఠం చెప్పుకుంటున్నాం, అయినా పరీక్షలో రాయలేకపోతున్నాం

"నేను ఫస్టియర్ చదువుతున్నాను. ఫిజియాలజీ నాకు కష్టంగా ఉంది. నా రూమ్మేటూ నేనూ కలిసి చదువుకుంటాం. రెండు నెలలుగా ఒక పద్ధతి పెట్టుకున్నాం. క్లాసులో రాసుకున్న నోట్సును నేను స్క్రిప్టులా మారుస్తాను. ఒక పేరా నాది, తర్వాతి పేరా తనది. ప్రతి పేరా చివర తను అడగాల్సిన ప్రశ్న, దానికి జవాబు కూడా నేనే రాసి పెడతాను. ఒక్కో లెక్చరుకి రెండు గంటలు పడుతుంది. సాయంత్రం ఇద్దరం చెప్పుకుంటాం. ఆ పూటకి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. కానీ మొన్న ఇంటర్నల్‌లో ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ కుడికి జరిగితే శరీరానికి లాభమా, నష్టమా, ఎందుకు అని అడిగితే ఇద్దరం చేతులెత్తేశాం. ఇంకో సంగతి. తను చాలా బాగా మాట్లాడుతుంది. తను చెబుతుంటే నాకు అర్థం కాకపోయినా తలూపేస్తాను. మధ్యలో ఆపి అడిగితే నొచ్చుకుంటుందేమోనని భయం. పరీక్షలు ఇంకో మూడు వారాలే ఉన్నాయి. ఈ పద్ధతి వదిలేసి ఒక్కదాన్నే చదువుకోవాలా? లేక స్క్రిప్టు రాయడంలోనే తప్పు చేస్తున్నానా?"

— పేరు వద్దు

పద్ధతిలో తప్పు లేదు, స్క్రిప్టులో ఉంది. మీరు రాసే కాగితంలో జవాబులు ఉన్నాయి. జవాబులు కళ్ల ముందు ఉన్నంతసేపు మీ ఇద్దరిలో ఎవరూ పాఠం చెప్పడం లేదు, పాఠం చదివి వినిపిస్తున్నారు. ఆ రెండు గంటల్లో నిజంగా కష్టపడింది మీరొక్కరే, అదీ రాసేటప్పుడు. సాయంత్రం జరిగేది ఆ కష్టాన్ని మళ్లీ చదువుకోవడం. మీ రూమ్మేటుకైతే ఆ కష్టం కూడా దక్కలేదు.

ఆ పూటకి అంతా వచ్చేసినట్టు ఎందుకు ఉంటుందో తెలిస్తే మిగతాది సులువవుతుంది. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొందరితో మళ్లీ చదివించారు, కొందరితో పుస్తకం మూయించి గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. మీ సాయంత్రాలు ఆ అయిదు నిమిషాల పరీక్షలాంటివి. కాగితం ఇంకా కళ్లలో ఉంటుంది కాబట్టి మాటలు జారుతూ వచ్చేస్తాయి. మీ ఇంటర్నల్ వారం తర్వాత పెట్టిన పరీక్ష.

కాబట్టి స్క్రిప్టులో ఉండాల్సింది వాక్యాలు కాదు. ఏం చెప్పాలో గుర్తుచేసే రెండు మూడు మాటలు, చెప్పేవాళ్లు ఖాళీ కాగితం మీద గీయాల్సిన బొమ్మ, వినేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు ఉంటే చాలు. జవాబు ఎక్కడ దొరుకుతుందో చూపించే పేజీ నంబరు ఒక మూలన ఉంటుంది, జవాబు మాత్రం ఉండదు. అలాంటి పేజీ ఎలా తయారవుతుందో మీకు దెబ్బకొట్టిన ఆ పాఠంతోనే చేసి చూపిస్తాను.

క్లాసులో రాసుకున్న నోట్సు దాదాపుగా ఇలా ఉండి ఉంటుంది:

*ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ – ఎస్ ఆకారం. పీ50 = 27. కుడికి – కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, వేడి, 2,3-డీపీజీ పెరిగితే. ఎడమకి – ఫీటల్ హీమోగ్లోబిన్, కార్బన్ మోనాక్సైడ్.*

నాలుగు ముక్కలే. చూస్తే పాఠం మొత్తం ఇందులోనే ఉన్నట్టుంది. కానీ ఇందులో ఒక్క "ఎందుకు" కూడా లేదు. లెక్చరర్ నోటితో చెప్పిన కారణాలు రాసుకునే తొందరలో జారిపోయాయి, ఫలితాలు మాత్రం మిగిలాయి. లెక్చర్ నోట్సు అన్నింటిలోనూ ఇదే జరుగుతుంది. అందుకే నోట్సును ఉన్నదున్నట్టు పేరాలుగా సాగదీస్తే స్క్రిప్టు పొడుగవుతుందే తప్ప పోయిన కారణాలు తిరిగిరావు.

మొదట చేయాల్సింది నోట్సులో ప్రతి ముక్క పక్కన వేలు పెట్టి "దీనికి ముందు ఏం జరిగితే ఇది జరుగుతుంది?" అని అడగడం. జవాబు నోట్సులో కనబడకపోతే అక్కడ పెన్సిల్‌తో ఒక గుండ్రం చుట్టండి. పై నోట్సులో నాకు నాలుగు గుండ్రాలు వచ్చాయి. ఎస్ ఆకారం ఎందుకు? 27 అంటే దేని 27? కుడికి జరిగితే హీమోగ్లోబిన్‌కి ఏమైనట్టు? కార్బన్ మోనాక్సైడ్ ఎడమకి జరపడం వల్ల ఎవరికి నష్టం? స్క్రిప్టు పుట్టేది ఆ గుండ్రాల్లోంచే. గుండ్రం పడని ముక్కలకు స్క్రిప్టు అక్కర్లేదు, అవి ఊరికే చదువుకుంటే వస్తాయి.

తర్వాత టెక్స్ట్‌బుక్ తెరిచి ఆ నాలుగు గుండ్రాలకు మాత్రమే జవాబు వెతకండి. వెతికి, చదివి, అర్థం చేసుకుని, పేజీ నంబరు రాసుకుని పుస్తకం మూసేయండి. జవాబు రాసుకోవాలని చేయి లాగుతుంది. రాయకండి. మొత్తం మీద ఇది నలభై నిమిషాలు మించకూడదు. మించుతోందంటే మళ్లీ వాక్యాలు రాస్తున్నారన్నమాట.

చివరికి పేజీ ఇలా తేలుతుంది:

చెప్పేవాళ్లకు: రెండు గీతలు గీసి పేర్లు పెట్టు. 100, 40, 27, 20 దగ్గర చుక్కలు. ఎస్ ఎందుకు. కుడికి ఇంకో కర్వ్.

అడిగేవాళ్లకు:
మొదటి ఆక్సిజన్ అంటుకోకముందుకీ అంటుకున్నాకకీ తేడా ఏమిటి?
కుడికి జరిగింది అన్నావు. 40 దగ్గర వేలు పెట్టి, ఏం మారిందో అంకెల్లో చెప్పు.
పీ50 పెరిగితే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ఎక్కువ గట్టిగా పట్టుకున్నట్టా, తక్కువగానా?
కుడికి జరగడం కణజాలానికి మంచిదైతే, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కడం దెబ్బతినదా?

చూడాల్సింది: టెక్స్ట్‌బుక్ పేజీ నంబరు.

ఇంతే, సగం పేజీ. మీ రెండు గంటల స్క్రిప్టులో పదో వంతు కూడా ఉండదు. కానీ ఇందులోని నాలుగో ప్రశ్న మీ ఇంటర్నల్‌లో వచ్చిన ప్రశ్నకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇలాంటి ప్రశ్నలు తయారుచేయడం మొదట్లో ఎవరికీ రాదు. "పీ50 అంటే ఏమిటి?" దగ్గరే ఆగిపోతాం. 1990ల్లో అలిసన్ కింగ్ అనే విద్యా పరిశోధకురాలు దీనికొక సులువైన దారి చూపించారు. విద్యార్థులకు ప్రశ్నలివ్వకుండా ప్రశ్నల మొదళ్లు ఇచ్చారు. "...ఎందుకు జరుగుతుందో చెప్పు", "...మారితే ఏమవుతుంది", "...కీ ...కీ తేడా ఏమిటి", "...కి కొత్త ఉదాహరణ ఒకటి చెప్పు" లాంటివి. ఖాళీల్లో తమ పాఠాన్ని పెట్టుకుని ఒకరినొకరు అడగాలి. అలా అడిగి చెప్పుకున్న జట్లు ఊరికే చర్చించుకున్న జట్లకన్నా పాఠాన్ని బాగా పట్టుకున్నాయి. మీరూ ఆ నాలుగు మొదళ్లను ఒక చీటీ మీద రాసి బల్ల మీద పెట్టుకోండి. ఫిజియాలజీకి అన్నిటికన్నా పనికొచ్చేది "మారితే ఏమవుతుంది" అన్నది. శరీరంలో ఏదో ఒకటి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది, పరీక్షలో అడిగేదీ అదే.

ఇప్పుడు సాయంత్రం సంగతి. మీరు చెప్పేవారు, మీ రూమ్మేటు అడిగేవారు అనుకుందాం. నోట్సు మూసి పక్కన పెట్టారు. మీ దగ్గర ఖాళీ కాగితం, పెన్ను మాత్రమే ఉన్నాయి. తన దగ్గర ప్రశ్నల పేజీ ఉంది. సంభాషణ ఇలా నడవచ్చు.

"అడ్డంగా ఆక్సిజన్ పార్షియల్ ప్రెజర్, నిలువుగా హీమోగ్లోబిన్ ఎంత శాతం నిండింది అన్నది. ఊపిరితిత్తుల దగ్గర 100 మిల్లీమీటర్ల పాదరసం, అక్కడ 97 శాతం నిండి ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న కణజాలం నుంచి తిరిగొచ్చే రక్తంలో 40, అక్కడ 75 శాతం. అంటే దాదాపు నాలుగో వంతు కణజాలానికి దిగిపోయింది. 27 దగ్గర సగం. అదే పీ50."

"ఎస్ ఎందుకు వచ్చింది?"

"ఒక హీమోగ్లోబిన్‌లో నాలుగు హీమ్‌లు ఉంటాయి. మొదటిదానికి ఆక్సిజన్ అంటుకోవడం కష్టం. అంటుకున్నాక ఆకారం మారి మిగతావాటికి సులువవుతుంది. అందుకే కింద నెమ్మదిగా, మధ్యలో నిటారుగా, నాలుగూ నిండబోయేసరికి పైన మళ్లీ చదునుగా."

"సరే. పనిచేస్తున్న కండరంలో వేడి పెరిగింది. కర్వ్ ఎటు?"

"కుడికి."

"40 దగ్గర వేలు పెట్టు. ఏం మారింది?"

ఇక్కడ మీరు ఆగుతారు. ఈ ఆగడం కోసమే ఇంత ఏర్పాటు. "కుడికి" అన్న మాట నోట్సులోది, అది నోటికి వచ్చేసింది. వేలు పెట్టమనేసరికి నోట్సు సాయం రాదు, కర్వ్‌ని చూసి ఆలోచించాల్సిందే.

"40 దగ్గర... ఇంతకుముందు 75 ఉండేది. కర్వ్ కుడికి పోయింది కాబట్టి అదే 40 దగ్గర ఇప్పుడు గీత కిందికి దిగింది. 75 కన్నా తక్కువ."

"తగ్గిన ఆక్సిజన్ ఎక్కడికి పోయింది?"

"కండరానికి! అంటే హీమోగ్లోబిన్ తొందరగా వదిలేసింది. పట్టు తగ్గింది."

"మరి పీ50 పెరిగింది కదా?"

"సగం నిండాలంటే ఎక్కువ ప్రెజర్ కావాల్సి వస్తోంది. అంటే పట్టు తగ్గినట్టే. పీ50 పెరిగితే పట్టు తగ్గుతుంది, రెండూ ఎదురెదురు."

ఇక్కడ చాలామంది తడబడతారు. "పెరిగింది" అన్న మాట వినగానే పట్టు కూడా పెరిగిందనుకుంటారు. నేను ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఈ తప్పు చూశాను, మార్కులు బాగా వచ్చే పిల్లల దగ్గర కూడా. దీన్ని కంఠతా పడితే నిలవదు. ఒకసారి ఇలా ఆగి, గీతమీద వేలు పెట్టి తామే తేల్చుకున్నవాళ్లు మళ్లీ తడబడటం నేను పెద్దగా చూడలేదు.

ఇక నాలుగో ప్రశ్న. "ఊపిరితిత్తుల్లో ఎక్కడం దెబ్బతినదా?" అంటే మీరు పైన చదునుగా ఉన్న భాగం చూపించాలి. 100 దగ్గర గీత దాదాపు అడ్డంగా ఉంది కాబట్టి కర్వ్ కొంచెం కుడికి జరిగినా అక్కడ పోయేది చాలా తక్కువ. 60కి దిగినా దాదాపు 90 శాతం నిండే ఉంటుంది. నిటారుగా ఉన్న మధ్యభాగంలో అదే జరుగుడు చాలా ఆక్సిజన్‌ని దింపుతుంది. పైగా ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది కాబట్టి అక్కడ కర్వ్ మళ్లీ ఎడమకి వస్తుంది. ఎక్కేచోట పట్టు, దిగేచోట వదులు. "లాభమా, నష్టమా" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. మామూలు పరిస్థితుల్లో కుడికి జరగడం కండరానికి లాభం, ఎందుకంటే పైన చదును ఉంది. ఎస్ ఆకారం ఎందుకో తెలియకపోతే ఈ జవాబు రాదు. చూశారా, మీ నోట్సులో మొదటి ముక్కకీ మూడో ముక్కకీ మధ్య ఉన్న తాడు ఇది. పేరాలుగా విడగొట్టి ఒకటి మీకు, ఒకటి తనకు పంచినప్పుడు తెగిపోయింది ఈ తాడే.

అందుకే పంచుకునే తీరు కూడా మార్చమంటాను. పేరా పేరా మార్చుకోకండి. ఒక పూర్తి ముక్క, అంటే కారణం నుంచి ఫలితం దాకా ఒకే గొలుసు, ఒకరే చెప్పాలి. ఇది అయిదారు నిమిషాలు పడుతుంది. ప్రశ్నలకు నాలుగైదు నిమిషాలు. ఆ తర్వాత రెండు నిమిషాలు ఇద్దరూ కలిసి పుస్తకం తెరిచి, గీసిన బొమ్మని అక్కడున్న బొమ్మతో సరిపోల్చుకోవడం. అప్పుడు మారండి. ఒక గంట లెక్చర్లో ఇలాంటి గొలుసులు మూడో నాలుగో ఉంటాయి, అంతకంటే ఉండవు. నలభై అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇంకో చిన్న మార్పు ఉంది. నా దృష్టిలో దీనికే ఎక్కువ విలువ. ప్రశ్నల పేజీని చెప్పేవాళ్లు రాయకూడదు, అడిగేవాళ్లు రాయాలి. సగం లెక్చరుకి మీరు ప్రశ్నలు రాస్తే ఆ సగం తను చెప్పాలి. మిగతా సగానికి తను రాస్తే మీరు చెప్పాలి. మీరే రాసుకున్న ప్రశ్న మిమ్మల్ని ఎప్పుడూ ఇరుకున పెట్టదు, మీకు తెలిసినంతవరకే అది వెళుతుంది.

ఇక తలూపడం గురించి. మీ భయం నాకు అర్థమవుతోంది. ఒకే గదిలో ఉండే మనిషిని మధ్యలో ఆపి "అర్థం కాలేదు" అనడం, అదీ బాగా చెప్పగలిగే మనిషిని, నిజంగానే ఇబ్బందే. ధైర్యం తెచ్చుకోమని మీకు చెప్పను. ధైర్యం అక్కర్లేకుండా చేయొచ్చు. ప్రశ్నలు కాగితం మీద ముందే ఉంటే, వాటిని అడగడం మీ వంతు పని అవుతుంది. తను చెప్పింది బాగోలేదు కాబట్టి అడుగుతున్నారని అనిపించదు. "ప్రతి ముక్కకీ కనీసం మూడు ప్రశ్నలు అడగాలి, అందులో ఒకటి పేజీలో లేనిది కావాలి" అని ఇద్దరూ కలిసి నియమం పెట్టుకోండి. అప్పుడు అడగకపోవడమే తప్పవుతుంది. నిజంగా దారి తప్పినప్పుడు "నాకు అర్థం కాలేదు" అనకుండా "ఇందాక మొదటి ఆక్సిజన్ దాకా వచ్చాను, అక్కడ తెగిపోయింది, అక్కడి నుంచి చెప్పవా" అనండి. ఎక్కడ తెగిందో చెబితే ఎదుటివాళ్లు నొచ్చుకోవడం తక్కువ, సాయం చేయడం ఎక్కువ.

బాగా మాట్లాడటం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ధారాళంగా చెప్పేవాళ్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది. వాళ్లు నోట్సులోని మాటల్ని నోట్సులోని వరుసలోనే చెప్పుకుపోతారు. వినడానికి హాయిగా ఉంటుంది, చెప్పేవాళ్లకి కూడా తమకు తెలుసనే అనిపిస్తుంది. తేడా పట్టుకోవడానికి నేను మూడు గుర్తులు చూస్తాను. నిజంగా ఆలోచించి చెప్పేవాళ్లు మధ్యలో ఆగి "అంటే..." అని తమ మాటని తామే తిరగరాస్తారు. "కాదు కాదు" అని వెనక్కొచ్చి దిద్దుకుంటారు. స్లైడ్‌లో లేని మాట ఒకటైనా వాడతారు. పది నిమిషాల్లో ఈ మూడింటిలో ఒక్కటీ కనబడకపోతే అది అప్పజెప్పడమే. అప్పుడు ఒక్క పని చేయండి. కాగితం తన ముందుకు జరిపి "బొమ్మ గీసి చూపించవా" అని అడగండి. మాటలు అప్పజెప్పినంత సులువుగా చేయి బొమ్మ గీయదు. మీకు కూడా ఇదే పరీక్ష పెట్టమని తనకు చెప్పండి.

ఇద్దరూ కలిసి తప్పు చేస్తే? అదీ జరుగుతుంది, ఇది ఈ పద్ధతికి ఉన్న అసలు పరిమితి. ఇద్దరికీ తెలియని చోట ఇద్దరూ ఒప్పుకోవడం చాలా తేలిక, ఒప్పుకున్న తప్పు మనసులో గట్టిగా పాతుకుపోతుంది. "కార్బన్ మోనాక్సైడ్ కర్వ్‌ని ఎడమకి జరుపుతుంది, ఎడమకి అంటే పట్టు ఎక్కువ, పట్టు ఎక్కువ అంటే ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి మంచిదే" అని ఇద్దరూ తలూపుకున్న జంటను నేను చూశాను. వాళ్ల గొలుసులో ప్రతి మెట్టూ వినడానికి సరిగ్గానే ఉంది. "పట్టు ఎక్కువ అంటే ఆక్సిజన్ ఎక్కువ" అన్న మెట్టే తప్పు. పట్టు ఎక్కువైతే కణజాలం దగ్గర వదలదు. పైగా కార్బన్ మోనాక్సైడ్ కొన్ని హీమ్‌లను ఆక్రమిస్తుంది కాబట్టి మోయడానికి చోటు తగ్గింది, మోసినదాన్ని దింపడమూ తగ్గింది. సగం హీమోగ్లోబిన్ కార్బన్ మోనాక్సైడ్ పాలైన మనిషి, హీమోగ్లోబిన్ సగానికి పడిపోయిన రక్తహీనత ఉన్న మనిషికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉండటానికి కారణం ఇదే. అందుకే ఆ చివరి రెండు నిమిషాలు పుస్తకం తెరవడం మానకండి. వాదన వస్తే రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఎవరి మాట వాళ్లు ఒక్క వాక్యంలో రాసి పెట్టి పేజీ తెరవండి. పుస్తకంలో కూడా తేలకపోతే ఆ వాక్యాన్ని అలాగే తీసుకెళ్లి లెక్చరర్‌ని అడగండి. "ఈ పాఠం అర్థం కాలేదు సార్" అన్నదానికన్నా ఆ ఒక్క వాక్యానికి చాలా మంచి జవాబు వస్తుంది.

ఇప్పుడు మీ మూడు వారాల లెక్క. మీ ముందు మూడు దారులున్నాయి. ఏది తీసుకోవాలో మీ ఇద్దరి టైమును బట్టి, మీ ఇద్దరి మధ్య ఉన్న చనువును బట్టి మీరే తేల్చుకోవాలి.

మొదటిది, పైన చెప్పినట్టు పేజీలు కొత్తగా రాసుకోవడం. దీనివల్ల వచ్చే ఫలితం ఎక్కువ, కానీ అన్ని లెక్చర్లకీ చేయడానికి మూడు వారాలు చాలవు. మొదటి రెండు మూడు రోజులు నత్తనడకే, ప్రశ్నలు పేలవంగా వస్తాయి, టెన్షన్ పెరుగుతుంది. ఈ దారి పట్టేటట్టయితే "ఎందుకు" ఎక్కువగా ఉన్న పాఠాలు పది పన్నెండు ఏరుకుని వాటికే చేయండి. పేర్లు, జాబితాలు, మామూలు విలువలు ఉన్న పాఠాలను దీనిలోకి లాగకండి. హార్మోన్ల పేర్లను ఒకరికొకరు "వివరించుకోవడం" వృథా. వాటికి చిన్న చీటీలు చేసుకుని ఒక్కరే తిప్పుకోవచ్చు.

రెండోది, రెండు నెలలుగా మీరు రాసిపెట్టిన స్క్రిప్టులను పారేయకుండా వాడుకోవడం. ఇంత పని చేసి పెట్టుకున్నారు కాబట్టి ఇది మీకు చవగ్గా తేలుతుంది. జవాబులన్నీ ఒక కాగితంతో కప్పేయండి. ప్రశ్నలు మాత్రం కనబడనివ్వండి. అయితే ఆ ప్రశ్నలన్నీ మీవే కదా, మీరు చూడని గోతులు అక్కడ ఉండవు. కాబట్టి కూర్చునే ముందు మీ రూమ్మేటు ప్రతి స్క్రిప్టుకీ తన సొంత ప్రశ్నలు రెండు చేర్చాలి, ఒకటి కచ్చితంగా "మారితే ఏమవుతుంది" కావాలి. తను ఆ పని చేయకపోతే ఈ దారి మీ పాత పద్ధతికే తిరిగొస్తుంది. తను చేస్తుందా లేదా అన్నది మొదటి రెండు రోజుల్లోనే మీకు తెలిసిపోతుంది.

మూడోది, మీరడిగిన ఒంటరి చదువు. ఇది ఓటమేం కాదు. నోట్సు మూసి, ఫోన్‌లో రికార్డు పెట్టుకుని అయిదు నిమిషాలు పైకి చెప్పండి. మర్నాడు వినండి. ఎక్కడ "అదే, ఆ విధంగా" అని దాటేశారో మీ చెవికే దొరుకుతుంది. తలూపే భయం ఉండదు, ఎవరి టైము కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. కానీ ఊహించని ప్రశ్న మాత్రం రాదు. ఊపిరితిత్తుల ప్రశ్న మీకు మీరు వేసుకునేవారా? నాకు అనుమానమే. ఈ దారి పట్టినా వారానికి ఒక్కసారి, ఒక్క గంట, మీ రూమ్మేటుతో కూర్చుని తనకు ఇష్టమొచ్చిన ప్రశ్నలు వేయమనండి.

నన్నడిగితే రెండో దారితో మొదలుపెట్టి, కష్టమైన నాలుగైదు పాఠాలకు మాత్రం మొదటి దారికి మారమంటాను. కానీ తనతో మాట్లాడకుండా ఏదీ మొదలుపెట్టకండి. మీకన్నా రెండు మార్కులు అటూ ఇటూ వచ్చినా, ఆ ప్రశ్న దగ్గర తనూ చేతులెత్తేసింది కదా. తనకీ ఈ సంగతి లోపల గుచ్చుతూనే ఉండొచ్చు. "నీ ప్రశ్నలు నాకు కావాలి, నువ్వు రాసినవి" అని మొదలుపెడితే, తను సరిగ్గా చెప్పడం లేదన్న మాట ఎక్కడా రాదు.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఆక్సిజన్ కర్వ్‌నే తీసుకోండి. ఈసారి తను చెప్పాలి, మీరు అడగాలి. పైన నేను రాసిన నాలుగు ప్రశ్నలూ వాడుకోండి. అయిదోది మాత్రం మీరు రాయండి, ఫీటల్ హీమోగ్లోబిన్ గురించి. దాని కర్వ్ ఎడమకి ఉంటుందని మీ నోట్సులో ఉంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం పక్కపక్కనే ఉన్నప్పుడు ఆ ఎడమ ఎవరికి పనికొస్తుందో, దానికీ 2,3-డీపీజీకీ సంబంధం ఏమిటో పుస్తకంలో వెతికి, పేజీ నంబరు మాత్రం రాసుకుని, జవాబు రాయకుండా వెళ్లండి. మూడు రోజులాగి మళ్లీ ఖాళీ కాగితం తీసుకుని, ఇద్దరూ విడివిడిగా ఆ బొమ్మ గీసి, పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎక్కడ తేడా వస్తే తర్వాతి సాయంత్రం అక్కడి నుంచే మొదలవుతుంది.